అసలొస్తే అమ్మేద్దాం

సుబ్బారావు అనే ఆయన ఒకాయన ఉన్నాడనుకుందాం. ఉండేది విజయవాడ. కూతురి కాలేజీ ఫీజుకి ఎనభై వేలు కావాల్సొచ్చి ఒక ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ ఫోన్లో తన డీమ్యాట్ ఖాతా తెరిచాడు. అందులో ఉన్నవి రెండే కంపెనీల షేర్లు. రెండూ ఏడు నెలల కిందట ఒకే రోజు, షేరు 500 చొప్పున 200 షేర్లు, అంటే చెరో లక్ష పెట్టి కొన్నవే. మొదటిది ఇప్పుడు 600 ఉంది. దాని పక్కన ఆకుపచ్చ రంగులో ఇరవై వేల లాభం కనిపిస్తోంది. రెండోది 400కి దిగింది. దాని పక్కన ఎర్ర రంగులో ఇరవై వేల నష్టం.

పక్కనే కూర్చున్న బావమరిది తొంగిచూసి, "ఆ ఎర్రది అమ్మేస్తే సరిగ్గా ఎనభై వేలు వస్తాయి కదా బావా!" అన్నాడు.

"నష్టానికి అమ్ముకోమంటావా? దాన్ని అలా ఉండనీ. అసలొస్తే అప్పుడు అమ్మేద్దాం" అన్నాడు సుబ్బారావు.

సోమవారం మార్కెట్ తెరవగానే ఆకుపచ్చగా ఉన్నదాంట్లోంచి 133 షేర్లు అమ్మాడు. చేతికి 79,800 వచ్చింది. మిగతా రెండొందలు జేబులోంచి వేసి ఫీజు కట్టేశాడు. లాభానికి అమ్మానన్న తృప్తి కూడా మిగిలింది.

పేరు కల్పితమే గానీ మనిషి కల్పితం కాదు. షేర్లు కొనే ప్రతి ఇంట్లోనూ ఇలాంటి సుబ్బారావు ఒకరుంటారు. జెరూసలెం నుంచి తైవాన్ దాకా పరిశోధకులు ఈయన్ను నాలుగైదు దశాబ్దాలుగా వెంటాడుతూనే ఉన్నారు. ఆయన చేసిన పనికి డిస్పోజిషన్ ఎఫెక్ట్ అని పేరు పెట్టారు. పెరిగిన షేరును తొందరపడి అమ్ముకోవడం, పడిన షేరును పట్టుకుని వేలాడటం దీని లక్షణం.

ఆయన చేసిన దాంట్లో తప్పేమిటో ముందు డబ్బు లెక్కలో చూద్దాం. ఏడాది నిండకుండా షేరు అమ్మి లాభం పొందితే దాని మీద 20 శాతం పన్ను పడుతుంది. 2024 జులై 23 నుంచి ఉన్న రేటు ఇది. 133 షేర్ల మీద షేరుకు వంద చొప్పున లాభం 13,300. దాని మీద పన్ను 2,660, సెస్సు అదనం. ఎర్రది అమ్మి ఉంటే పన్ను రూపాయి కూడా ఉండేది కాదు. పైగా ఆ ఇరవై వేల నష్టాన్ని వేరే షేర్ల మీద వచ్చిన లాభంలోంచి తీసేసుకుని అక్కడి పన్ను తగ్గించుకునేవాడు. అంటే పన్ను ఆదా చేసే షేరును దాచుకుని, పన్ను కట్టాల్సిన షేరును అమ్ముకున్నాడు. కూరగాయల బేరంలో అయిదు రూపాయలు వదలని మనిషి, ఈ రెండు వేల ఆరొందల అరవై సంగతి ఆలోచించనైనా లేదు.

ఎందుకు ఆలోచించలేదు? దీనికి అందరూ ఠక్కున చెప్పే జవాబు ఒకటుంది: "మనిషికి లాభం మీద ఆశ కంటే నష్టమంటే భయం ఎక్కువ." మాట నిజమే. కానీ సుబ్బారావు విషయంలో ఇది సగం జవాబే. ఆ మిగతా సగం కోసం వెనక్కి వెళ్లాలి.

జెరూసలెంలోని హీబ్రూ యూనివర్సిటీలో డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఉండేవారు. కాగితం మీద చిన్న చిన్న ప్రశ్నలు రాసి విద్యార్థులకు ఇవ్వడం వాళ్ల పద్ధతి. ఆ ప్రశ్నల్లో ఒకటి ఇది. మీకు 3,000 ఖాయంగా ఇస్తాం. అది వద్దంటే ఒక పందెం ఉంది. అందులో 4,000 వచ్చే అవకాశం నూటికి ఎనభై, ఏమీ రాకపోయే అవకాశం నూటికి ఇరవై. ఏది కావాలి? ఇక్కడ మూడు వేలంటే ఇజ్రాయెల్ పౌండ్లు. ఆ రోజుల్లో అక్కడ ఒక సగటు కుటుంబానికి నెలకు చేతికందే ఆదాయం దాదాపు అంత. పందెం సగటు విలువ లెక్కేస్తే 3,200 వస్తుంది. అయినా 95 మందిలో 80 శాతం మంది చేతికొచ్చే మూడు వేలే చాలన్నారు.

తర్వాత అదే ప్రశ్నను తిరగేశారు. ఈసారి 3,000 ఖాయంగా పోతుంది. లేదా 4,000 పోయే అవకాశం నూటికి ఎనభై, ఏమీ పోకపోయే అవకాశం నూటికి ఇరవై. ఈసారి 92 శాతం మంది పందేనికే మొగ్గారు. సగటున రెండొందలు ఎక్కువ పోతుందని లెక్క చెబుతున్నా వాళ్లకు పట్టలేదు. ఏమీ పోకుండా బయటపడే ఆ ఇరవై శాతం అవకాశమే వాళ్లను లాగేసింది.

అవే అంకెలు, అవే శాతాలు. లాభమైతే జాగ్రత్తపరులు, నష్టమైతే జూదరులు. ఒకే మనిషిలో ఈ ఇద్దరూ ఎలా ఉంటారో చెప్పడానికి కానమన్, ట్వెర్‌స్కీ 1979లో ఎకనోమెట్రికా పత్రికలో ఒక వ్యాసం అచ్చువేశారు. ప్రాస్పెక్ట్ థియరీ అంటే ఇదే. ట్వెర్‌స్కీ 1996లో చనిపోయాడు. 2002లో కానమన్‌కు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఆ సిద్ధాంతంలో సుబ్బారావుకు పనికొచ్చే సంగతులు మూడు. ఒకటి, మనిషి తన దగ్గర మొత్తం ఎంతుందో చూసుకుని సంతోషించడు. ఒక గీత గీసుకుని, దానికి పైన ఉన్నానా కింద ఉన్నానా అని చూసుకుంటాడు. షేర్ల విషయంలో ఆ గీత దాదాపు ఎప్పుడూ కొన్న రేటే. రెండు, గీతకు కింద కలిగే బాధ, పైన అంతే దూరంలో కలిగే సంతోషం కంటే బలంగా ఉంటుంది. ఎంత బలంగా అన్నది 1992లో ఆ ఇద్దరే మళ్లీ లెక్కగట్టారు. సుమారు 2.25 రెట్లు. వంద పోతే పడే బాధ, వంద వస్తే కలిగే సంతోషానికి రెండుంపావు రెట్లన్నమాట. లోకమంతా చెప్పుకునే నష్టభయం ఇదే.

మూడోదాని గురించి బయట పెద్దగా మాట్లాడుకోరు. కానీ అసలు కిటుకంతా అందులోనే ఉంది. గీత నుంచి దూరం పోయేకొద్దీ బాధైనా సంతోషమైనా మొద్దుబారుతూ వస్తుంది. మొదటి పదివేలు పోయినప్పుడు గుండె జారినట్టు, అయిదో పదివేలు పోయినప్పుడు జారదు. "ఎలాగూ మునిగాం, ఇక చలేమిటి" అని మనవాళ్లు అనేది దీన్నే. వాళ్లిద్దరి లెక్క ప్రకారం నష్టం రెండింతలైతే బాధ రెండింతలు కాదు, 1.84 రెట్లే అవుతుంది. లాభంలో సంతోషమూ అంతే.

ఇప్పుడు సుబ్బారావు ఫోన్ దగ్గరికి తిరిగొద్దాం. ఎర్ర షేరు ఇప్పుడు 400 ఉంది. ముందు ముందు వంద పెరిగి 500 కావడానికి, వంద తగ్గి 300 కావడానికి సమాన అవకాశాలు ఉన్నాయనుకుందాం. ఇరవై వేల లాభం ఇచ్చే సంతోషాన్ని 100 అనుకుంటే, ఇరవై వేల నష్టం తెచ్చే బాధ 225. ఇప్పుడే అమ్మితే ఆ 225 మొత్తం అనుభవించాలి. ఉంచుకుంటే? సగం అవకాశం అసలు వచ్చేస్తుంది, బాధ సున్నా. మిగతా సగం నష్టం నలభై వేలవుతుంది. దాని బాధ 225కి 1.84 రెట్లు, అంటే 414. సగం అవకాశమే కాబట్టి సగం చేస్తే 207. అమ్మితే 225, ఉంచితే 207. మనసు ఉంచమంటుంది.

ఆకుపచ్చ షేరుకు ఇదే లెక్క వేద్దాం. 600 దగ్గర అమ్మితే సంతోషం 100. ఉంచితే సగం అవకాశం 700కి వెళ్లి నలభై వేల లాభం వస్తుంది. దాని సంతోషం 184, అందులో సగం 92. మిగతా సగం 500కి దిగి సున్నా. అమ్మితే 100, ఉంచితే 92. మనసు అమ్మమంటుంది.

ఈ లెక్కలో ఒక తమాషా ఉంది. ఎర్ర షేరు దగ్గర ఆ 2.25 రెండు వైపులా ఉంది, అమ్మినా ఉంచినా. రెండు వైపుల నుంచీ దాన్ని కొట్టేసినా ఫలితం మారదు: అమ్మితే 100, ఉంచితే 92. అంటే సుబ్బారావు చేత పడిన షేరును పట్టుకునేలా చేసింది ఉత్త నష్టభయం కాదు, ఆ మొద్దుబారే గుణం. ఉన్న నష్టం మీద మరో ఇరవై వేలు పోతే అంత నొప్పి పుట్టదు. అదే ఇరవై వేలు తిరిగొచ్చి గీత దగ్గరికి చేరితే ప్రాణం లేచొస్తుంది. నష్టభయం ఆ గీతకు బరువునిస్తుంది. దాని వైపు లాగేది మాత్రం ఈ వంపు. పత్రికల్లోనూ, పెట్టుబడి పాఠాల్లోనూ అంతా నష్టభయం ఖాతాలోనే వేసేయడం మామూలే. పూర్తి కథ మాత్రం ఇది.

ఈ సిద్ధాంతాన్ని షేర్ల బజారుకు తెచ్చింది కాలిఫోర్నియాలోని శాంటా క్లారా యూనివర్సిటీకి చెందిన హర్ష్ షెఫ్రిన్, మేయర్ స్టాట్‌మన్. 1985లో వచ్చిన వాళ్ల వ్యాసంలోనే ఈ అలవాటుకు ఆ పేరు పెట్టారు. అయితే అప్పటికి గట్టి రుజువు లేదు. ఆ రుజువు తెచ్చిన మనిషి టెరెన్స్ ఒడీన్. అమెరికాలో తక్కువ కమీషన్ తీసుకునే ఒక బ్రోకర్ దగ్గర నుంచి పదివేల ఖాతాల లావాదేవీలు తీసుకున్నాడు. 1987 నుంచి 1993 దాకా వాటిలో ఎవరు ఏ రోజు ఏ షేరు కొన్నారు, ఏది అమ్మారు అన్నదంతా ఉంది.

ఆయన లెక్క వేసిన తీరు చూడదగ్గది. "లాభాలకు ఎన్నిసార్లు అమ్మారు, నష్టాలకు ఎన్నిసార్లు అమ్మారు" అని లెక్కపెడితే సరిపోదు. మార్కెట్ పెరుగుతున్న రోజుల్లో ఎవరి ఖాతాలోనైనా లాభాల షేర్లే ఎక్కువుంటాయి కాబట్టి, కళ్లు మూసుకుని అమ్మినా లాభాల అమ్మకాలే ఎక్కువ తేలతాయి. అందుకని ఒడీన్ ఇలా చేశాడు. ఒక ఖాతాదారు ఏదైనా షేరు అమ్మిన రోజున, ఆ ఖాతాలో మిగిలిన షేర్లన్నీ కూడా చూశాడు. ఉదాహరణకు ఆ రోజు ఖాతాలో ఎనిమిది షేర్లున్నాయి, అయిదు లాభంలో, మూడు నష్టంలో. లాభంలో ఉన్న అయిదింటిలో ఒకటి అమ్మితే, అమ్ముకోగల లాభాల్లో అయిదో వంతు అమ్మినట్టు. నష్టంలో ఉన్న మూడింటిలో ఏదీ అమ్మకపోతే సున్నా. ఇలా పదివేల ఖాతాల్లోనూ, అమ్మకం జరిగిన ప్రతి రోజునా కూడుకుంటూ పోయాడు.

1998లో అచ్చయిన ఫలితం ఇది. అమ్ముకోగల లాభాల్లో 14.8 శాతం అమ్మారు. అమ్ముకోగల నష్టాల్లో 9.8 శాతమే అమ్మారు. నష్టంలో ఉన్న షేరు కంటే లాభంలో ఉన్న షేరు అమ్ముడయ్యే అవకాశం ఒకటిన్నర రెట్లు.

ఇక్కడ ఎవరైనా అడ్డం పడొచ్చు. పెరిగిన షేరు బరువు ఖాతాలో ఎక్కువైపోయింది కాబట్టి కొంచెం తగ్గించుకుని ఉంటారు, అది తెలివే కదా? ఒడీన్‌కు ఆ అనుమానమూ వచ్చింది. బరువు తగ్గించుకోవడానికే అయితే కొన్ని షేర్లు అమ్మి కొన్ని ఉంచుకుంటారు. అందుకని ఒక కంపెనీ షేర్లు మొత్తం అమ్మేసిన సందర్భాలనే విడిగా తీసి చూశాడు. అలవాటు అలాగే ఉంది. మరో వాదన: పడిన షేరు మళ్లీ లేస్తుందని నమ్మి ఉంచుకున్నారేమో, ఆ నమ్మకం నిజమైతే అది ముందుచూపే కదా? దానికీ జవాబు వెతికాడు. వాళ్లు అమ్మేసుకున్న లాభాల షేర్లు ఆ తర్వాతి ఏడాదిలో, అట్టిపెట్టుకున్న నష్టాల షేర్ల కంటే సగటున 3.4 శాతం ఎక్కువ రాబడి ఇచ్చాయి. నమ్మకం తప్పిందన్నమాట. ఇది సగటు మాత్రమే. పడిన ప్రతి షేరూ ఇంకా పడుతుందని కాదు. కొన్ని లేస్తాయి. అలా లేచిన ఒక్కదాన్ని పదేళ్లపాటు పదిమందికీ చెప్పుకుంటాం, లేవని వాటి ఊసెత్తం.

అమ్మకాలు ఎటు మొగ్గాయో చూస్తే, ఏడాది మొత్తంలో ఒక్క డిసెంబరు మాత్రం తేడాగా కనిపించింది. ఆ నెలలో లాభాల్లో 10.8 శాతం, నష్టాల్లో 12.8 శాతం అమ్మారు. అమెరికాలో పన్ను లెక్క డిసెంబరు 31తో ముగుస్తుంది. అంటే నష్టానికి అమ్మితే పన్ను కలిసొస్తుందని వాళ్లకు తెలియక కాదు. గడువు మెడ మీదికొస్తే గానీ చెయ్యి రాదు.

ఆ తర్వాత తైవాన్ స్టాక్ ఎక్స్ఛేంజీలో 1995 నుంచి 1999 దాకా జరిగిన లావాదేవీలన్నిటినీ ఒడీన్, ఇంకో ముగ్గురు పరిశోధకులు జల్లెడ పట్టారు. అక్కడ నష్టంలో ఉన్న షేరు కంటే లాభంలో ఉన్న షేరు అమ్ముడయ్యే అవకాశం దాదాపు రెండింతలు. వ్యక్తులే కాదు, కంపెనీలూ డీలర్లూ కూడా ఇదే దారిలో ఉన్నారు. మ్యూచువల్ ఫండ్లు, విదేశీ పెట్టుబడిదారుల్లో మాత్రం ఈ అలవాటు కనిపించలేదు.

మన దేశంలో కొన్న రేటు అనే గీత ఎంత గట్టిదో చూడాలంటే పబ్లిక్ ఇష్యూలను చూడాలి. లక్షల మంది ఒకే రోజు, ఒకే రేటుకు గీత గీసుకునే సందర్భం అది. 2008 జనవరిలో రిలయన్స్ పవర్ ఇష్యూ తెరిచిన నిమిషంలోపే నిండిపోయింది. చిన్న ఇన్వెస్టర్లకు షేరు 430కి ఇచ్చారు. ఫిబ్రవరి 11న మార్కెట్లోకి వచ్చిన తొలిరోజే 372.50 దగ్గర ముగిసింది. తర్వాత కంపెనీ ప్రతి అయిదు షేర్లకు మూడు బోనస్ షేర్లిచ్చింది. అయిదు షేర్ల ఖర్చు 2,150 ఇప్పుడు ఎనిమిదింటికి పంచుకోవాలి కాబట్టి, లెక్క ప్రకారం కొత్త గీత 268.75. కానీ మనసులో పడ్డ గీత అంత తేలిగ్గా జరగదు. దరఖాస్తులో రాసిన 430 అలాగే గుర్తుండిపోతుంది. 2020 మార్చిలో ఆ షేరు రెండు రూపాయల లోపుకు చేరింది. 430 వస్తే అమ్ముదామని కూర్చున్నవాళ్లు దారిలో మూడొందలనూ, రెండొందలనూ, వందనూ చూస్తూ దాటారు. ప్రతి మజిలీలోనూ లెక్క ఒకటే: ఇప్పటికే ఇంత పోయింది, ఇంకొంచెం పోతే ఏముంది?

ఈ కూర్చోవడానికి తోడబుట్టిన అలవాటు యావరేజ్ చేయడం. 500కి 200 షేర్లు కొన్న సుబ్బారావు 400 దగ్గర ఇంకో 200 కొంటే సగటు రేటు 450కి దిగుతుంది. అసలు రావడానికి ఇప్పుడు వంద పెరగక్కర్లేదు, యాభై పెరిగితే చాలు. గీత తనంతట తాను దగ్గరికి వచ్చినట్టనిపిస్తుంది. నిజానికి జరిగింది ఒక్కటే, ఆ కంపెనీలో ఆయన పెట్టిన డబ్బు లక్ష నుంచి లక్షా ఎనభై వేలైంది. వారంలో అమ్ముదామని కొన్న షేరు పడిపోతే "ఇది లాంగ్ టర్మ్‌కి" అని మాట మార్చడం కూడా ఈ కోవలోదే.

ఇంత చెప్పాక, ప్రాస్పెక్ట్ థియరీ అన్నిటికీ సరిపోయిందా అంటే లేదు. 2009లో నికొలస్ బార్బెరిస్, వెయ్ షియోంగ్ అనే ఆర్థికవేత్తలు దీన్ని గట్టిగా పరీక్షకు పెట్టారు. వాళ్ల అనుమానం ఇలాంటిది. నష్టమంటే రెండింతలు భయపడే మనిషి అసలు షేరు ఎందుకు కొంటాడు? పడే దానికంటే పెరిగేది బాగా ఎక్కువుంటుందనిపిస్తేనే కొంటాడు. ఉదాహరణకు తగ్గితే ఇరవై వేలు పోతుంది, పెరిగితే నలభై వేలు వస్తుంది. మరి నిజంగా పెరిగితే, ఆయన గీతకు నలభై వేల ఎత్తున ఉన్నాడు. కింద అంత మెత్త ఉంది కాబట్టి ఇంకొంచెం ధైర్యం చేయగలడు. పడితే గీతకు ఇరవై వేల దూరమే కాబట్టి, దాన్ని అందుకోవడానికి చిన్న పందెం చాలు. ఇలా లెక్కిస్తే కొన్ని పరిస్థితుల్లో లాభంలో ఉన్నవాడే ఎక్కువ షేర్లు ఉంచుకోవాలి, అంటే సుబ్బారావుకు పూర్తిగా వ్యతిరేకం. పైన మనం వేసిన లెక్కలో పెరుగుదల, తగ్గుదల సమానమని అనుకున్నాం కాబట్టి ఈ చిక్కు కనబడలేదు.

వాళ్లు చూపిన దారి ఏమిటంటే, మనిషికి బాధ కలిగేది షేరు పడినప్పుడు కాదు, దాన్ని అమ్మినప్పుడు. మార్కెట్లో తిరిగేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. "అమ్మితేనే నష్టం, అప్పటిదాకా కాగితం మీదే కదా" అన్న మాట ప్రతి బ్రోకర్ ఆఫీసులోనూ వినిపిస్తుంది. అమ్మేదాకా ఓడినట్టు కాదు, అమ్మగానే ఓడినట్టు ఖాయం. లాభం బుక్ చేసినప్పుడు కలిగే ఆనందమూ అలాంటిదే, షేరు పెరిగినందుకు కాదు, గెలిచానని చిట్టాలో రాసుకున్నందుకు. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో కొందరిని మెదడు స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి షేర్లు అమ్మించి చూశారు. 2014లో వచ్చిన ఆ ఫలితాలు కూడా ఈ వాదనకే బలం చేకూర్చాయి. లాభానికి అమ్మిన ఆ క్షణానే మెదడులో సంతోషానికి స్పందించే భాగం చురుకెక్కింది.

అహం కూడా ఇందులో కలిసి ఉంటుంది. దీన్ని పట్టించిన సంగతి ఒకటుంది. షేర్లను నష్టానికి అమ్మడానికి చెయ్యి రాని మనుషులే మ్యూచువల్ ఫండ్లను నష్టానికి ఇట్టే అమ్మేస్తున్నారని అమెరికా ఖాతాల మీద జరిగిన ఒక పరిశోధన 2016లో తేల్చింది. షేరు కొన్నది నేను, తప్పు నాది. ఫండ్ అయితే తప్పు మేనేజరుది. అమ్మేయడమంటే వాణ్ని ఉద్యోగంలోంచి తీసేసినట్టు. తిట్టడానికి ఒక మనిషి దొరికితే నష్టానికి అమ్మడం అంత కష్టమేమీ కాదు.

మరి ఏం చేయాలి? "జాగ్రత్తగా ఉండండి" అంటే ఎవరూ ఉండరు. ప్రయోగశాలలో పరీక్షించి చూసినవి రెండు ఉన్నాయి. కొన్న రేటును తెర మీద కళ్లబడకుండా చేస్తే ఈ అలవాటు సుమారు పావు వంతు తగ్గిందని ఒక ప్రయోగంలో తేలింది. గీత కనబడకపోతే దాని పైనున్నామా కిందున్నామా అన్న ప్రశ్నే బలహీనపడుతుంది. మన ఫోన్లలోని యాప్‌లు సరిగ్గా దీనికి ఎదురు పని చేస్తాయి. తెరవగానే సగటు కొనుగోలు రేటు, దాని పక్కన ఎరుపో ఆకుపచ్చో. ఏ కంపెనీ లాభం ఎంత, అప్పు ఎంత అన్నది తెలియాలంటే మాత్రం నాలుగుసార్లు లోపలికి వెళ్లాలి.

రెండోది స్టాప్ లాస్. ఇక్కడా ఒక మెలిక ఉంది. 2017లో అచ్చయిన ఒక ప్రయోగంలో కొందరికి "ఈ రేటుకు దిగితే అమ్ముదామనుకున్నారు" అని గుర్తుచేసి ఊరుకున్నారు. మరికొందరికి ఆ రేటు రాగానే దానంతట అదే అమ్ముడయ్యే ఆర్డరు పెట్టించారు. గుర్తుచేయడం వల్ల ఒరిగిందేమీ లేదు. ఆర్డరు మాత్రం పనిచేసింది. చల్లగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని, చేతులు వణికే వేళ మళ్లీ మన చేతిలో పెట్టకపోవడమే దాని బలం.

అయితే స్టాప్ లాస్ పడేటప్పుడు ఆపే వల కాదు. రేటు మెట్టు మెట్టుగా దిగితే పట్టుకుంటుంది, ఒక్కసారిగా దూకితే జారిపోతుంది. 2009 జనవరి 7న హైదరాబాద్ కంపెనీ సత్యం లెక్కల్లోని మోసాన్ని దాని ఛైర్మన్ రామలింగరాజు లేఖ రాసి ఒప్పుకున్నాడు. అంతకుముందు రోజు 179 దగ్గరున్న షేరు ఆ రోజు 40 దగ్గర ముగిసింది. మధ్యలో ఎక్కడ ఆర్డరు పెట్టుకున్నా అనుకున్న రేటు చేతికొస్తుందన్న హామీ లేని రోజు అది.

ఇంట్లో కూర్చుని చేసుకోగల పరీక్ష ఒకటుంది. సుబ్బారావు చేతిలో ఇవాళ ఎనభై వేలు నగదు ఉందనుకుందాం, ఎర్ర షేరు ఒక్కటీ లేదనుకుందాం. ఆ డబ్బుతో ఆ కంపెనీ షేర్లు 400 చొప్పున 200 కొంటాడా? కంపెనీ అమ్మకాలు, లాభాలు, అప్పులు చూసి నిజంగా కొంటాననిపిస్తే, ఉంచుకోవడంలో తప్పులేదు. కొనను అన్న జవాబొస్తే, ఉంచుకోవడమంటే రోజూ పొద్దున్నే ఆ రేటుకు మళ్లీ కొన్నట్టే. ఈ ప్రశ్నలో 500 అనే అంకె ఎక్కడా లేదు చూడండి. ఆయన ఎంతకు కొన్నాడో ఆ కంపెనీకి తెలియదు, మార్కెట్‌కూ తెలియదు.

నష్టానికి అమ్మాలని తేల్చుకున్నవాళ్లకు పన్ను సంగతి ఒక ముక్క. ఏడాదిలోపు అమ్మిన షేరు నష్టాన్ని, స్వల్పకాలిక లాభంలోంచైనా దీర్ఘకాలిక లాభంలోంచైనా తీసేసుకోవచ్చు. ఏడాది దాటాక అమ్మిన షేరు నష్టం దీర్ఘకాలిక లాభంలోంచి మాత్రమే పోతుంది. సుబ్బారావు ఎర్ర షేరుకు ఇప్పటికే ఏడు నెలలు నిండాయి కాబట్టి, ఆ వెసులుబాటుకు ఇంకా అయిదు నెలలే ఉంది. ఈ ఏడాది తీసేసుకోవడానికి లాభమేమీ లేకపోతే ఆ నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లొచ్చు, కానీ గడువు తేదీలోగా రిటర్ను వేస్తేనే. మన దగ్గర పన్ను లెక్క ముగిసేది డిసెంబరులో కాదు, మార్చి 31న.